కమిటీ కూర్చునేలోపే కొటేషన్ గడువు అయిపోతుంటే

రాయగడ, పర్లాకిమిడి వైపు ఆసుపత్రులకు పరికరాలు అమ్మేవాళ్లకి ఈ బాధ తెలిసిందే. కొటేషన్ మీద 30 రోజుల గడువు రాస్తాం, కొనుగోలు కమిటీ మూడు నెలలకు గానీ కూర్చోదు. నేను ఓ ట్రస్టు ఆసుపత్రికి ఆరు పేషెంట్ మానిటర్లకు కొటేషన్ ఇస్తే, 70వ రోజున ఫైలు తిరిగొచ్చింది. గడువు తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది, అంతే. మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు ముందే స్టోర్స్ గుమాస్తా గారిని కమిటీ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుందో అడిగి, దానికి రెట్టింపు గడువు వేస్తున్నాను. మూడు నెలలైతే 180 రోజులు. అంతకాలం రేటు మారదని కంపెనీ నుంచి ముందే మెయిల్ తీసుకుంటాను, లేకపోతే నష్టం మన నెత్తినే పడుతుంది.

అదీ చాలదనిపిస్తే, గడువుకు పది రోజుల ముందే లెటర్‌హెడ్ మీద పొడిగింపు లేఖ ఇవ్వండి. పాత కొటేషన్ నంబరు, తేదీ, 'ధర, షరతులు యథాతథం', కొత్త గడువు తేదీ, ఇవి చాలు. ఇన్‌వర్డ్ ముద్ర వేసిన కాపీ మన దగ్గర ఉండాలి.

ఆ లేఖలో ధర మాత్రం ముట్టుకోవద్దు. రూపాయి మారినా అది కొత్త కొటేషన్ కిందే లెక్క, రేట్ల పోలిక పట్టిక మళ్లీ తయారు చేయాలంటారు. ప్రభుత్వ టెండర్లలో ఈ పొడిగింపు లేఖ పద్ధతి పనిచేయదు. అక్కడ గడువు వాళ్లే పెడతారు, పొడిగింపు కూడా వాళ్లు అడిగితేనే.