వారసత్వ కాగితాలు, 2వ పాఠం: మనిషి ఎక్కడ పోతే సర్టిఫికెట్ అక్కడే

పోయిన పాఠంలో మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని రాశాను. అది చదివి దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు నుంచి చాలామంది ఒకటే అడిగారు: "దినాలు అయ్యేసరికే నెల గడిచింది. మరణ సర్టిఫికెట్ తీసుకోలేదు. ఇప్పుడు ఆర్డీవో దగ్గరికి పోవాల్నా?" కొందరు అడగకుండానే పోయి, తిరిగి వచ్చారు కూడా. అందుకే ఈసారి ముందుకు పోకుండా ఇక్కడే ఆగుతున్నాను.

21 రోజులన్నది చావు సంగతి రిజిస్ట్రారుకు చెప్పడానికి పెట్టిన గడువు. సర్టిఫికెట్ తీసుకోవడానికి కాదు. ఇంట్లో పోతే ఇంటివాళ్లు చెప్పాలి, ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే చెప్పాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఆ బాధ్యత వాళ్ల మీదే పెట్టింది. వాళ్లు చెప్పి ఉంటే రిజిస్టరులో పేరు ఎక్కి ఉంటుంది. ఆరు నెలల తర్వాత పోయినా, ఆరేళ్ల తర్వాత పోయినా ఆ నమోదుకు నకలు ఇస్తారు. అసలు ఎవరూ చెప్పనప్పుడే ఆలస్యం లెక్కలోకి వస్తుంది. 30 రోజుల్లోపయితే ఆలస్య రుసుము కడితే చాలు. ఏడాదిలోపయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మన దగ్గర ఆర్డీవో ఉత్తర్వు కావాలి. కాబట్టి ముందు రిజిస్టరులో పేరు ఉందో లేదో వెతికించండి. లేదని తేలితే ఆ మాటే కాగితం మీద రాసి ఇస్తారు, దాన్ని ఫారం 10 అంటారు. అది లేకుండా ఆర్డీవో ఆఫీసుకు పోవద్దు.

మరి ఎక్కడ వెతికించాలి? ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే. మన జిల్లాల్లో జబ్బు ముదిరితే హైదరాబాద్ తీసుకుపోతాం. అక్కడ ప్రాణం పోతే శవాన్ని ఊరికి తెచ్చుకుంటాం. అంత్యక్రియలు ఊళ్లోనే, ఓటు ఊళ్లోనే, భూమి ఊళ్లోనే. కనుక సర్టిఫికెట్ కూడా ఊరి పంచాయతీలోనే అనుకుంటాం. అది కుదరదు. ప్రాణం ఏ స్థలంలో పోయిందో ఆ స్థలం మీద అధికారం ఉన్న రిజిస్ట్రారే నమోదు చేయాలి. ఆసుపత్రి ఏ మున్సిపాలిటీ కింద ఉంటే సర్టిఫికెట్ ఆ మున్సిపాలిటీదే. మీసేవలో అడిగేటప్పుడు కూడా ఆ పేరే చెప్పాలి. "మా ఊరి పేరు రాకపోతే భూమి పని ఆగుతుందేమో" అని భయపడేవాళ్లు సర్టిఫికెట్‌ను ఒకసారి నిదానంగా చూడండి. మరణించిన స్థలం ఒక గడి, శాశ్వత చిరునామా ఇంకో గడి. మీ ఊరు రెండోదాంట్లో వస్తుంది. తహసీల్దారుకు అది చాలు.

హైదరాబాద్ తిరగలేక, తెలిసినవాళ్ల మాట మీద పంచాయతీ కార్యదర్శితో "ఇంట్లోనే చనిపోయారు" అని రాయించుకునేవాళ్లు ఉన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే దీని దెబ్బ వెంటనే కనపడదు. ఒక లెక్క చూద్దాం. దేవరకొండ దగ్గరి రైతు హైదరాబాద్ ఆసుపత్రిలో శుక్రవారం రాత్రి 11 గంటలకు పోయాడు. శవం ఊరు చేరేసరికి తెల్లారింది. శనివారం దహనం చేశారు. ఊరి సర్టిఫికెట్లో శనివారం తేదీ, స్థలం ఇల్లు అని పడ్డాయి. ఆసుపత్రి మాత్రం శుక్రవారమే చనిపోయినట్టు తన మున్సిపాలిటీకి పంపింది. ఇప్పుడు ఒక్క మనిషికి రెండు మరణాలు. నామినీ ఉన్న బ్యాంకు ఖాతాలో డబ్బు రావచ్చు. కొడుకు అంతా బాగుందనుకుంటాడు. రెండేళ్ల కింద కట్టిన ఎల్ఐసీ పాలసీ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. మూడేళ్లు నిండని పాలసీకి వాళ్లు విచారణ చేస్తారు, చివరిగా వైద్యం చేసిన డాక్టరు కాగితం అడుగుతారు. ఆ కాగితంలో శుక్రవారం, ఆసుపత్రి అని ఉంటుంది. చేతిలోని సర్టిఫికెట్లో శనివారం, ఇల్లు అని ఉంటుంది. నిజంగా రావాల్సిన డబ్బు అనుమానంలో పడి ఆగుతుంది.

ఇలా ఇప్పటికే జరిగి ఉంటే, ఊరి సర్టిఫికెట్ ఎక్కడా ఇవ్వడం ఆపండి. ఆసుపత్రి నుంచి మరణ ధ్రువీకరణ కాగితం తీసుకొని, మున్సిపాలిటీ నమోదు నకలు తెచ్చుకోండి. ఆ రెండూ జతచేసి, ఊరి నమోదును రద్దు చేయమని పంచాయతీ రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. తప్పుగా పడిన నమోదును పక్కన మార్జిన్లో రాసి రద్దుచేసే అధికారం 15వ సెక్షన్ ఇచ్చింది. ఇంతకుముందు ఊరి సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతి ఆఫీసుకూ రద్దు కాగితం నకలు ఇవ్వాలి.

"ఇక లాభం లేదు, తీసుకుపోండి" అంటే అంబులెన్సులో తెస్తుండగా దారిలో పోయేవాళ్ల సంగతి వేరు. కదిలే బండిలో ప్రాణం పోతే, బండి మొదట ఆగిన చోట సమాచారం ఇవ్వాలని నిబంధన. చౌటుప్పల్‌లో ఆపి చూస్తే ప్రాణం లేదంటే అక్కడే చెప్పాలి. ఇంటికి చేరి, మంచం మీద కాసేపు ఉండి పోతే మాత్రం అది ఊరి నమోదే, అందులో తప్పు లేదు. ఏది జరిగినా డిశ్చార్జి కాగితాన్ని పారేయకండి. దాని మీద ఉన్న తేదీ, సమయమే రేపు మీ మాటకు సాక్ష్యం.

పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలన్న సంగతి మీకు తెలిసిందే: ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టుకొని రాయించండి. నేనయితే ఆసుపత్రి ఫారం నింపేటప్పుడే ఆధార్ చూపిస్తాను. తర్వాత దిద్దించడం కన్నా ఇది సులువు.

మరణ సర్టిఫికెట్ తర్వాత రెండో కాగితం కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. మీసేవలో పెడితే గిర్దావరు విచారించి, తహసీల్దారు ఇస్తారు. ఎవరికెంత వాటా అన్నది ఇది చెప్పదు, ఎవరెవరు ఉన్నారన్నది మాత్రమే చెబుతుంది. కనుక ఎవరినీ వదలొద్దు. పెండ్లయిన బిడ్డలను, పోయినవాడి తల్లిని వదిలేయడం మన దగ్గర ఎక్కువ. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్య, కొడుకులు, కూతుర్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ముస్లిం కుటుంబాల్లో తండ్రి బతికి ఉంటే ఆయనా వారసుడే. అత్తగారింటి పేరుతో ఆధార్ ఉన్న బిడ్డకు, తండ్రి పేరున్న పదో తరగతి మెమో గానీ పాత రేషన్ కార్డు గానీ జతచేయండి.

హిందూ కుటుంబాల్లో తండ్రికన్నా ముందే పోయిన కొడుకు ఉంటే అతని భార్యాపిల్లలూ లెక్కలోకి వస్తారు, అతని మరణ ధ్రువీకరణ పత్రం కూడా కావాలి. పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంటే తాతది కూడా కావాలి. ఊళ్లో ఎప్పుడో పోయిన తాతకు నమోదు ఉండకపోవచ్చు. పైన చెప్పిన ఫారం 10, ఆర్డీవో ఉత్తర్వు నిజంగా అవసరమయ్యేది ఇలాంటివాళ్లకే.

వచ్చే పాఠానికి ముందు పని. ఒక పెద్ద కాగితం మీద తాత నుంచి మనవల దాకా మూడు తరాల వంశవృక్షం గీయండి. పోయిన ప్రతి మనిషి పేరు కింద మూడు సంగతులు రాయాలి: ఏ రోజు పోయారు, ఏ స్థలంలో పోయారు, ఆ స్థలానికి రిజిస్ట్రారు ఎవరు. బతికున్నవాళ్ల పేరు కింద ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. బిడ్డలను ఫోన్లో అడిగి అంచనాగా రాయొద్దు, ఆధార్ ఫోటో తెప్పించుకొని చూసి రాయండి. ఏ గడి ఖాళీగా మిగిలిందో, ముందు తెచ్చుకోవాల్సిన కాగితం అదే. భూ భారతిలో విరాసత్‌కు దరఖాస్తు పెట్టే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.