కాంట్రాక్టరును మార్కులతో ఎంచుకోవడం – 3వ భాగం: ధరకు మార్కులు ఎలా వేయాలి?

లైసెన్సులు, బీమా లేనివాళ్లను మొదటి భాగంలోనే పక్కన పెట్టేశాం. రెండో భాగంలో నాలుగు అంశాలు తీసుకుని వాటికి వెయిటేజీ ఇచ్చాం. బ్రేక్‌డౌన్ వస్తే ఎంత త్వరగా స్పందిస్తారు అన్నదానికి 30, టెక్నీషియన్ల అనుభవానికి 20, ప్రివెంటివ్ మెయింటెనెన్స్ ప్రణాళికకు 20, ధరకు 30. మొత్తం 100. ఇప్పుడు మార్కులు వేద్దాం. ఆఫీసు భవనంలో ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనులన్నీ చూసుకోవడానికి ఎ, బి, సి అని ముగ్గురు కాంట్రాక్టర్లు మిగిలారనుకోండి.

ధర కాని మూడు అంశాలకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తాం. ఏ మార్కుకు ఏం ఉండాలో కొటేషన్లు తెరవకముందే రాసి పెట్టుకోవాలి. "బాగుంది 4, పర్వాలేదు 3" అని రాసుకుంటే ఒక్కొక్కరు ఒక్కోలా వేస్తారు, తర్వాత ఎందుకు వేశారో చెప్పలేరు. స్పందన విషయంలో మెట్లు ఇలా ఉండొచ్చు. రాత్రీ పగలూ గంటలోపు మనిషి వస్తాడని, రాకపోతే జరిమానాకు ఒప్పుకుంటామని రాసిచ్చి, ఇప్పుడు చూస్తున్న భవనాల కాల్ రిజిస్టర్లో అది కనబడితే 5. హామీ, జరిమానా రెండూ ఉండి రిజిస్టర్ మాత్రం చూపించకపోతే 4. నాలుగు గంటల హామీ ఉండి జరిమానా లేకపోతే 3. ఆఫీసు వేళల్లో మాత్రమే వస్తామంటే 2. "ఫోన్ చేస్తే వెంటనే వస్తాం" అన్న మాట తప్ప రాతలో ఏమీ లేకపోతే 1. ఆ ఊసే లేకపోతే 0.

రిజిస్టర్ చూసేటప్పుడు ఒక తిరకాసు ఉంది. మనిషి వచ్చిన టైము వేరు, పని పూర్తయిన టైము వేరు. చాలామంది మొదటిదే చూపిస్తారు. అరగంటలో వచ్చి, "పార్టు తెప్పించాలి" అని చెప్పి వెళ్లిపోయి, మూడు రోజులకు తిరిగొచ్చినా కాగితం మీద స్పందన అరగంటే. అందుకే రెండు టైములూ ఉన్న రిజిస్టరే అడగండి.

ఇక ధర. ముందు ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పారా లేదా చూడాలి. ఒకరి ధరలో విడిభాగాలు కలిసి ఉంటాయి, ఇంకొకరిది కూలి మాత్రమే. కూలి మాత్రమే చెప్పినవారికి పోయిన ఏడాది మీరు విడిభాగాల మీద పెట్టిన ఖర్చు కలపండి. ఈ సర్దుబాటు చేశాకే పోల్చాలి. అలా సర్దాక అన్నిటికన్నా తక్కువ ధర 100 అనుకుంటే మన పట్టిక ఇలా వచ్చింది:

| అంశం | వెయిటేజీ | ఎ | బి | సి |
|---|---|---|---|---|
| స్పందన | 30 | 2 | 4 | 4 |
| టెక్నీషియన్లు | 20 | 3 | 3 | 5 |
| ప్రివెంటివ్ ప్రణాళిక | 20 | 3 | 4 | 4 |
| ధర | 30 | 100 | 112 | 125 |

మొదటి మూడు వరుసల్లో మార్కును వెయిటేజీతో గుణించి 5తో భాగించాలి. కలిపితే ఎకు 36, బికి 52, సికి 60 వస్తాయి. ఇంతవరకు గొడవేం లేదు.

ధరను మార్కులుగా మార్చడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది నిష్పత్తి పద్ధతి: అతి తక్కువ ధరను ఈ కాంట్రాక్టరు ధరతో భాగించి 30తో గుణించడం. అప్పుడు ఎకు 30, బికి 26.8, సికి 24. మొత్తం కలిపితే ఎ 66, బి 78.8, సి 84. సి గెలిచాడు.

రెండోదాన్ని సాగదీసే పద్ధతి అందాం. అతి తక్కువ ధరకు పూర్తి 30, అతి ఎక్కువ ధరకు సున్నా, మధ్యలోవాళ్లకు ఆ దామాషాలో. ఎకు 30, బికి 15.6, సికి 0. మొత్తం ఎ 66, బి 67.6, సి 60. కొటేషన్లు అవే, మార్కులు అవే, వెయిటేజీ అదే. అయినా మొదటి స్థానంలో ఉన్న సి ఆఖరుకు పోయాడు. ధర పావు వంతు ఎక్కువైనందుకు ధర మార్కులన్నీ పోయాయి.

దీనిలో ఇంకో పెద్ద లోపం ఉంది. డి అనే నాలుగో కాంట్రాక్టరు 180 ధరతో వచ్చాడనుకోండి. ధరలో అతనికి సున్నా కాబట్టి మిగతా అన్నిటిలో 5కు 5 వచ్చినా 70 దాటడు. కానీ అతను రావడంతో కొలతే మారిపోయింది. ఇప్పుడు బికి ధరలో 25.5, సికి 20.6. మొత్తం బి 77.5, సి 80.6. ఎలాగూ గెలవని మనిషి వచ్చి నిలబడ్డందుకు బి చేతిలోని కాంట్రాక్టు సికి పోయింది. సికి తెలిసినవాళ్లెవరైనా కావాలనే అంత ధర వేసినా ఎవరూ పట్టుకోలేరు. అందుకే నేను నిష్పత్తి పద్ధతే వాడమంటాను. అందులోనూ మరీ తక్కువ ధర ఒకటి వస్తే మిగతా అందరి ధర మార్కులూ తగ్గుతాయి, నిజమే. కానీ ఆ మిగతావాళ్ల మధ్య వరుస మామూలుగా తారుమారు కాదు, ధర మార్కుల్లో తేడాలు దగ్గరపడతాయంతే. ఏ పద్ధతి వాడతారో బిడ్లు పిలిచే కాగితంలోనే రాసేయండి. ధరలు చూశాక ఎంచుకుంటే మీ నిజాయితీని మీరే నిరూపించుకోలేరు.

షీట్‌లో వెయిటేజీలు B2 నుంచి B5 వరకు, ఎ, బి, సి ల మార్కులు, ధరలు C నుంచి E వరకు పెట్టుకుంటే, C6లో ఈ ఒక్క ఫార్ములా రాసి పక్కకు లాగితే చాలు:

```
=SUMPRODUCT($B$2:$B$4,C2:C4)/5+$B$5*MIN($C$5:$E$5)/C5
```

మొత్తం వచ్చింది కదా అని వెంటనే సికి ఉత్తరం రాయకండి. ముందు వెయిటేజీ కదిపి చూడండి. ధరకు 30 బదులు 50 ఇచ్చి మిగతా మూడింటినీ అదే దామాషాలో తగ్గిస్తే బి 81.8, సి 82.9. తేడా బాగా తగ్గింది కానీ సి ఇంకా ముందే ఉన్నాడు. అంటే "ధరకు వెయిటేజీ తక్కువ ఇచ్చారు" అని ఎవరైనా వాదించినా ఫలితం మారదు. మీటింగుల్లో గంటలు గంటలు నడిచే గొడవ సాధారణంగా ఇదే. ఇక్కడ దానికి అంత విలువ లేదు.

ఇప్పుడు వెయిటేజీని పాత చోటికి తెచ్చి, మార్కులు కదపండి. స్పందనలో సికి 4 బదులు 3 వేస్తే 6 మార్కులు పోయి 78కి దిగుతాడు. బి 78.8తో గెలుస్తాడు. నిర్ణయం మొత్తం ఈ ఒక్క మార్కు మీద ఆధారపడి ఉందన్నమాట. టెక్నీషియన్లలో ఒక మార్కు తగ్గించినా సికి 80 ఉంటాయి, ఫరక్ పడదు. కాబట్టి సి దగ్గర తనిఖీ చేయాల్సింది స్పందనే. జరిమానాకు నిజంగా ఒప్పుకున్నాడా, లేక "పరస్పర అంగీకారంతో" అని తప్పించుకునే మాట రాశాడా చూడండి. అతను చూస్తున్న భవనంలో మేనేజర్‌తో మాట్లాడి, రాత్రి వేళ వచ్చిన ఆఖరి కాల్‌కు ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు బాగుచేశాడో అడగండి.

ఈ భాగానికి అభ్యాసం: పై పట్టికను షీట్‌లో ఎక్కించి, బికి ఒక్కో వరుసలో ఒక్కో మార్కు పెంచి చూడండి. ఏ వరుసల్లో పెంచితే బి గెలుస్తాడు? ధరలో 112 నుంచి ఎంతకు దిగితే సిని దాటతాడు? వచ్చే భాగంలో ముగ్గురు మనుషులు విడివిడిగా వేసిన మార్కులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే ఏం చేయాలో చూద్దాం.