పహాణీ ఫొటోను పట్టికలోకి ఎక్కించే ముందు: గుంటల సున్నా జాగ్రత్త

గత నెల ఒక కుటుంబ పంపకం ముసాయిదాను సరిచూసే పని నా మీద పడింది. అన్నదమ్ములు నలుగురూ హైదరాబాద్‌లో ఉంటారు, భూమి ఊళ్లో ఉంది. పెద్దాయన పహాణీ నకలును ఫోనుతో ఫొటో తీసి పంపగా, చిన్నతమ్ముడు దానిని చూసి ఎక్సెల్‌లో పట్టికగా ఎక్కించాడు. ముసాయిదాలో 112 సర్వే నంబరు విస్తీర్ణం సరిగ్గా 8 ఎకరాలని ఉంది, పహాణీలో మాత్రం 9 ఎకరాల 5 గుంటలు. తేడా 45 గుంటలు, అంటే 5,445 చదరపు గజాలు. దసరాకు ఊళ్లో కలిసి పంపకాలు మాట్లాడుకోబోయేవారు ఈ పొరపాటు ఎలా జరిగిందో ముందే తెలుసుకోవాలి.

తెలంగాణ పహాణీలో 2.10 అని ఉంటే అది దశాంశం కాదు. 2 ఎకరాల 10 గుంటలు అని అర్థం. ఎకరానికి 40 గుంటలు కాబట్టి చుక్క తర్వాతి అంకె 39 దాటదు. ఎక్సెల్‌కు ఈ సంగతి తెలియదు. 2.10 అని కొట్టగానే చివరి సున్నాను తీసేసి 2.1 అని చూపిస్తుంది, తర్వాత చూసినవారు దానిని 2 ఎకరాల 1 గుంటగా చదువుతారు. ఆ కుటుంబానికి జరిగింది అదే. 112/అ 2.10, 112/ఆ 1.35, 112/ఇ 3.20, 112/ఈ 1.20 అని పహాణీలో ఉండగా, పట్టికలో 2.1, 1.35, 3.2, 1.2 మిగిలాయి. ముసాయిదా రాసినాయన వాటిని 2 ఎకరాల 1 గుంట, 3 ఎకరాల 2 గుంటలు, 1 ఎకరం 2 గుంటలుగా తీసుకుని, 1 ఎకరం 35 గుంటలు కలిపితే సరిగ్గా 8 ఎకరాలు వచ్చింది. లెక్క అంత గుండ్రంగా వచ్చేసరికి ఎవరికీ అనుమానం కలగలేదు. ఎక్సెల్ చేతనే కూడిస్తే 7.85 వచ్చేది, 85 గుంటలు అనేవి ఉండవు కనుక కనీసం అప్పుడైనా తప్పు బయటపడేది.

అందువల్ల విస్తీర్ణానికి ఒక గడి చాలదు. ఎకరాలకు ఒక నిలువు వరుస, గుంటలకు మరొకటి పెట్టి, మూడో వరుసలో అన్నింటినీ గుంటల్లోకి మార్చి కూడాలి. సర్వే నంబరు A, ఎకరాలు B, గుంటలు C వరుసల్లో ఉండి, వివరాలు 2వ అడ్డవరుస నుంచి 5 వరకు ఉంటే సూత్రాలు ఇవి. మొదటిదాన్ని D2లో రాసి D5 దాకా లాగాలి, మిగిలిన మూడు మొత్తం కోసం:

```
=B2*40+C2
=SUM(D2:D5)
=INT(SUM(D2:D5)/40)
=MOD(SUM(D2:D5),40)
```

పై ఉదాహరణలో 90, 75, 140, 60 కలిపి 365 గుంటలు, అంటే 9 ఎకరాల 5 గుంటలు. ఈ మొత్తం పహాణీలోని సర్వే నంబరు మొత్తం విస్తీర్ణంతో సరిపోవాలి. సరిపోకపోతే ఒక బై నంబరు ఫొటోలో పడలేదేమో, లేదా ఒక అంకె తప్పు చదివారేమో వెతకాలి గానీ, లెక్క కుదిరేలా అంకెను మార్చకూడదు. ఆంధ్ర వైపు అడంగల్‌లో విస్తీర్ణం సెంట్లలో, ఎకరానికి 100 చొప్పున ఉంటుంది. అక్కడి భూమికి ఈ 40 లెక్క వర్తించదు.

సర్వే నంబరుకూ ఇలాంటి గండమే ఉంది. 12/3 అని కొడితే ఎక్సెల్ దానిని తేదీగా మార్చివేస్తుంది, తర్వాత ఫార్మాట్ మార్చినా అసలు నంబరు తిరిగి రాదు. కాబట్టి టైపు చేయకముందే ఆ వరుసను టెక్స్ట్‌గా పెట్టాలి. ఫొటో మసకగా ఉంటే అ, ఆలు ఒకటిగానే కనిపిస్తాయి, ఇ, ఈలు కూడా అంతే. ఒక్క అక్షరం మారితే అన్న భూమి తమ్ముడి పేరున పడుతుంది.

ఇక మిగిలినవి:

- కాగితాన్ని బల్ల మీద పరిచి నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. వంకరగా తీస్తే ఒక వరుసలోని విస్తీర్ణం పక్క వరుసలోని పేరుకు అతుకుతుంది.
- ఊరు, మండలం, సంవత్సరం ఉన్న పైభాగాన్ని కత్తిరించవద్దు.
- పట్టాదారు పేరు వేరు, అనుభవదారు పేరు వేరు. రెండింటినీ ఒకే గడిలో కలపవద్దు.
- పేరు గడిలో పైదే అన్న గుర్తు మాత్రమే ఉంటే, ఆ గుర్తును అలాగే ఉంచి, పూర్తి పేరును పక్క వరుసలో రాయండి. తర్వాత ఎవరైనా వరుసలను క్రమం మార్చి పేరిస్తే ఆ గుర్తు మరొకరి పేరు కిందికి చేరుతుంది.
- ఎల్లయ్య అని ఉంటే ఎల్లయ్య, యెల్లయ్య అని ఉంటే యెల్లయ్య. దిద్దవద్దు.
- కనిపించని అంకెను ఊహించవద్దు. గడిలో ‘చదవలేదు’ అని రాయండి.
- ఒకరు ఫొటో చూసి చదవాలి, మరొకరు పట్టిక చూడాలి. ‘రెండు పాయింట్ పది’ అని చదవవద్దు. ‘రెండెకరాల పది గుంటలు’ అని చదవండి.
- గుంటల గడిలో 40 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే అక్కడే ఆగండి.
- ధృవీకరించిన నకలుతో ప్రతి వరుసనూ సరిచూసేదాకా ఎవరూ సంతకం పెట్టవద్దు.