ఆలస్యంగా వచ్చేవారితో ఆ మాట ఎలా ఎత్తాలి

భర్తో భార్యో తరచూ ఆలస్యంగా వస్తుంటే, గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ మాట ఎత్తకండి. అప్పుడు ఎత్తిపొడుపే నోటికొస్తుంది. ఇద్దరూ కుదుటపడ్డాక ఆ ఒక్కరోజు సంగతే చెప్పండి: "ఏడింటికి వస్తానన్నావు, ఏడూ నలభై అయింది. ఫోన్ కూడా రాకపోయేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. ఈసారి లేటయ్యేలా ఉంటే ఏడింటికి ముందే మెసేజ్ పెట్టు."

"నువ్వెప్పుడూ ఇంతే, నేనంటే లెక్కే లేదు" అన్నారో, టైముకి వచ్చిన రోజులు చూపించి వాదిస్తారు. అసలు విషయం పక్కకు పోతుంది.

చెప్పాక, "ఎక్కడ లేటవుతోంది?" అని అడిగి వినండి. చాలామంది బయల్దేరే సమయాన్నే చేరే సమయంగా చెప్పేస్తారు. అదే కారణమైతే, ఇకమీదట "ఎన్నింటికి వస్తావు" అనకుండా "ఎన్నింటికి బయల్దేరతావు" అని అడగండి.