ఆఫీసు రాతలు – 6వ పాఠం: సహోద్యోగికి సంతాప సందేశం

పోయిన పాఠంలో ఆఫీసు మెయిళ్లలోని పడికట్టు మాటలు ఏరేశాం. ఈసారి అదే పని సంతాప సందేశం మీద చేద్దాం.

అకౌంట్స్‌లో మీ పక్క సీటు మేడమ్‌గారి నాన్న పోయారనుకోండి. 78 ఏళ్లు, ఆరు నెలలుగా మంచంలోనే ఉన్నారు. మనలో చాలామంది చేతికి వచ్చేది ఇది:

"మీ తండ్రిగారి అకాల మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. ఆయన లేని లోటు తీర్చలేనిది. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుణ్ని ప్రార్థిస్తూ, మీ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను. ఏ సహాయం కావాలన్నా నిస్సంకోచంగా అడగండి."

ముందుగా ఒక్కో మాట నిజమో కాదో చూడండి. 78 ఏళ్ల మనిషిది అకాల మరణం కాదు. ఆరు నెలలుగా జబ్బు సంగతి తెలిసిన మీకు దిగ్భ్రాంతీ కలగలేదు. ఈ రెండూ కొట్టేయండి. తీరని లోటు, ప్రగాఢ సానుభూతి పత్రికా ప్రకటనల భాష. పక్క సీటు మనిషితో మనం అలా మాట్లాడం. ప్రార్థన మాట ఆ ఇంటి నమ్మకం మీకు తెలిస్తేనే ఉంచండి.

ఇక "ఏ సహాయం కావాలన్నా అడగండి" అన్న వాక్యం. చదవడానికి మంచిగానే ఉంటుంది గానీ, ఏం అడగాలో ఆలోచించే పనిని దుఃఖంలో ఉన్న మనిషి మీదే పెడుతుంది. మీరు చేయగలిగిన ఒక్క పని పేరు పెట్టి చెప్పండి. అది ముందే ఖాయం చేసుకోండి: ఆవిడ వేయాల్సిన జీఎస్టీ రిటర్న్ మీరు వేస్తాననాలనుకుంటే, దానికి ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వచ్చేటట్లయితే ఆ మాట ఇవ్వకండి, వేరే పని చూడండి.

కొట్టేసిన చోట ఏం రాయాలి? ఆయన్ని మీరు చూడకపోయినా పర్వాలేదు. ఆవిడ ద్వారా మీ చెవిన పడ్డది ఒకటి ఉంటుంది, అది రాయండి.

"మేడమ్, నాన్నగారు పోయారని ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. మంచం పట్టాక కూడా రోజూ ఒంటిగంటకి ఆయన ఫోన్ చేయడం, మీరు 'తిన్నాను నాన్నా' అనడం వినేవాణ్ని. 20వ తేదీ జీఎస్టీ రిటర్న్ నేను వేస్తాను, మేనేజర్‌గారికి చెప్పాను. దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు."

చివరి వాక్యం తీసేయకండి. వందల మెసేజ్‌ల మధ్య ఆవిడకి ఒక పని తగ్గుతుంది.

రాశాక మరో రెండు చూసుకోండి. "పెద్దవయసే కదా, బాధపడకుండా వెళ్లిపోయారు" లాంటి ఓదార్పు చొరబడితే తీసేయండి. ఆ మాట ఆవిడ అనుకోవచ్చు, మనం అనకూడదు. "మా నాన్న పోయినప్పుడు నేనూ..." అని మొదలైతే అదీ తీసేయండి, అక్కణ్నుంచి సందేశం మీ గురించి అయిపోతుంది.

అభ్యాసం: లిఫ్టులో పలకరింపు తప్ప పరిచయం లేని సహోద్యోగి తల్లి పోయారు. లేని జ్ఞాపకం కల్పించకుండా మూడు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో దాన్నే దిద్దుదాం.