భిన్నాలు మనంతట మనమే – 4వ భాగం: హారాలు వేరైతే కూడేదెలా?

పోయిన భాగంలో సమాన భిన్నాలు చూశాం. 1/2 అన్నా, 2/4 అన్నా, 3/6 అన్నా అదే కొలత, రాసే తీరు మాత్రమే వేరు. ఇవాళ్టి పాఠమంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది కాబట్టి, అందులో డౌట్ ఉంటే ముందు అది చూసి రండి.

కాగితం, స్కేలు, కత్తెర దగ్గర పెట్టుకోండి. ఒకే వెడల్పుతో 12 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు నాలుగు కత్తిరించండి. 12 ఎందుకంటే, దాన్ని 2తో, 3తో, 4తో, 6తో భాగించినా శేషం రాదు. ఒక నిండు పట్టీ మనకు 1 అన్నమాట. మొదటి పట్టీని అలాగే ఉంచి, రెండోదాన్ని రెండు సమాన ముక్కలు చేయండి, ఒక్కోటి 6 సెం.మీ. వస్తుంది. మూడోదాన్ని మూడు చేస్తే ఒక్కోటి 4 సెం.మీ.

ఇప్పుడు 1/2 + 1/3 చేద్దాం. సగం ముక్కనూ, మూడో వంతు ముక్కనూ నిండు పట్టీ మీద పక్కపక్కన పెట్టండి. 10 సెం.మీ. నిండింది, చివర 2 సెం.మీ. ఖాళీగా ఉంది. కూడిక చేతుల్లో అయిపోయింది, కానీ జవాబుకు పేరు లేదు! రెండు ముక్కలున్నాయి నిజమే, అయితే అవి రెండు సగాలు కావు, రెండు మూడో వంతులూ కావు.

చాలామంది ఇక్కడే పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/5 అని రాసేస్తారు. పట్టీతో చూస్తే దాని సంగతి వెంటనే తెలిసిపోతుంది: 12 సెం.మీ.లో 2/5 అంటే 4.8 సెం.మీ., మన దగ్గరున్న సగం ముక్క ఒక్కటే 6 సెం.మీ. కదా, దానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?

కావలసింది రెండు ముక్కల్లోనూ మిగలకుండా సరిపోయే చిన్న ముక్క. 3 సెం.మీ. ముక్క, అంటే నాలుగో వంతు, సగంలో రెండుసార్లు పడుతుంది గానీ మూడో వంతులో ఒకసారి పట్టి 1 సెం.మీ. మిగిలిపోతుంది, పనికిరాదు. నాలుగో పట్టీని ఆరు ముక్కలు చేసి 2 సెం.మీ.తో చూడండి. సగంలో సరిగ్గా మూడు, మూడో వంతులో సరిగ్గా రెండు. అంటే 3/6 + 2/6 = 5/6. చివర మిగిలిన ఖాళీ కూడా సరిగ్గా ఒక్క ముక్కంతే, అదే 1/6. 1 సెం.మీ. ముక్కలతో చేసినా 6/12 + 4/12 = 10/12 వస్తుంది, అదీ తప్పు కాదు, చివర్లో తగ్గించి 5/6 చేసుకోవాలి, అంతే.

తీసివేతకూ ఇదే దారి. 3/4 − 1/6 తీసుకోండి. పట్టీ మీద 9 సెం.మీ., 2 సెం.మీ. ఈ రెండింట్లోనూ సరిపోయేది 1 సెం.మీ. ముక్క, అంటే పన్నెండో వంతు. 9/12 − 2/12 = 7/12.

ఇక పట్టీలు పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే హారంలో 7 వచ్చిందంటే 12 సెం.మీ. పట్టీని స్కేలుతో కచ్చితంగా కోయలేం. పట్టీల మీద వెతికిన ఆ ఉమ్మడి ముక్కనే అంకెల్లో ఉమ్మడి హారం అంటాం. రెండు హారాలతోనూ భాగించబడే సంఖ్య ఏదైనా సరిపోతుంది, వాటిలో చిన్నది క.సా.గు.

5/6 + 3/8 చూడండి. పెద్ద హారం గుణిజాలు వరసగా చదవండి: 8, 16, 24. 8ని, 16ని 6 భాగించదు, 24ని భాగిస్తుంది, అక్కడ ఆగండి. 6 నుంచి 24కి నాలుగు రెట్లు, కాబట్టి లవం 5 కూడా నాలుగు రెట్లయి 20/24. 8 నుంచి మూడు రెట్లు, కాబట్టి 9/24. మొత్తం 29/24, అంటే 1 5/24. క.సా.గు. తోచకపోతే రెండు హారాలనూ గుణించేయండి, 40/48 + 18/48 = 58/48 వస్తుంది, 2తో తగ్గిస్తే మళ్లీ 29/24. అంకెలు పెద్దవవుతాయి తప్ప నష్టం లేదు.

నష్టం వచ్చేది కింద 24 వేసి పైన లవాన్ని మార్చడం మరిచిపోయినప్పుడు. 5/24 + 3/24 = 8/24, అంటే 1/3. ముక్కలు నాలుగో వంతు సైజుకు చిన్నవయ్యాయి, వాటి లెక్క మాత్రం ఐదు దగ్గరే ఉండిపోయింది. 5/6 ఒక్కటే సగం కన్నా ఎక్కువ, జవాబు 1/3 రావడమేంటి అని అడిగితే చాలు, తప్పు దొరికిపోతుంది. అందుకే లెక్క మొదలుపెట్టే ముందే జవాబు సగం పైనా కిందా, ఒకటి దాటుతుందా అని ఓ అంచనా వేసుకోమంటాను.

ఇవి చేయండి: 2/3 + 1/4, 5/6 − 3/4, 7/10 − 1/6. మొదటి రెండూ పట్టీల మీద సరిచూసుకోవచ్చు, జవాబులు 11/12, 1/12. మూడోదానికి ఉమ్మడి హారం 30, వచ్చేది 16/30, తగ్గిస్తే 8/15. క.సా.గు. వాడినా ఒక్కోసారి చివర్లో ఇలా తగ్గించాల్సి వస్తుంది. వచ్చే భాగంలో 3 1/4 − 1 2/3 చేద్దాం, అక్కడ 1/4లోంచి 2/3 పోదు, 3 దగ్గర అప్పు తెచ్చుకోవాలి.