కడుపు మంట తగ్గట్లేదా? ముందు నొప్పి గోలీల షీటు చూడండి

సమస్య

హన్మకొండలో మా మెడికల్ షాపుకు ఒక అత్తమ్మ వచ్చేది. ఏనుమాముల మార్కెట్ దగ్గర మిర్చికి తొడిమలు తీసే పని. "కడుపుల మంట బిడ్డా, గ్యాస్ గోలీ ఇయ్యి" అని రెండు నెలల్లో నాలుగుసార్లు అడిగింది. తప్పంతా మిర్చి ఘాటుదేనని ఆమె నమ్మకం. ఒకరోజు డబ్బుల కోసం కొంగు ముడి విప్పితే, నోట్ల మధ్య మడతపడ్డ ఇంకో షీటు కనబడింది. డైక్లోఫెనాక్. పది గోలీల్లో మూడే మిగిలాయి. మోకాళ్ల నొప్పికి చిట్టీ లేకుండానే కొని, నాలుగు నెలలుగా రోజుకు రెండు వేసుకుంటోందట, అదీ చాయ్ మీద.

"దొడ్డికి ఏ రంగుల వస్తుంది అత్తమ్మా?" అని అడిగాను. చెప్పడానికి మొహమాటపడి, చివరికి "తారు లెక్క" అంది. కడుపులో రక్తం కారితే దొడ్డి అలా నల్లగా వస్తుంది. అందుకే ఆ మాట వినగానే నేను గ్యాస్ గోలీ ఇవ్వలేదు. ఆమె కొడుక్కు ఫోన్ చేసి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను.

కారణం

మన జీర్ణాశయం రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా రసం తయారుచేస్తుంది. అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, మాంసాన్ని కూడా విడగొట్టే పెప్సిన్ ఉంటుంది. మరి లోపలి గోడ కూడా మాంసమేగా, అది ఎందుకు అరగదు?

మొదటి జాగ్రత్త తయారీలోనే ఉంది. పెప్సిన్ కణం లోపల పనిచేయని రూపంలోనే ఉంటుంది. బయటికొచ్చి యాసిడ్‌లో కలిశాకే దానికి పదును వస్తుంది. రెండోది, గోడ మీద మిల్లీమీటరు కూడా మందం లేని జిగురు పొర. గోడ కణాలు ఆ జిగురులోకి బైకార్బొనేట్ వదులుతుంటాయి. అది మన తినే సోడాలో ఉండేదే. లోపలికి చొరబడే యాసిడ్‌ను అది దారిలోనే విరిచేస్తుంది. అందుకే జీర్ణాశయం మధ్యలో pH 2 ఉన్నా గోడను ఆనుకుని 7కు దగ్గరగా ఉంటుంది. అంత సన్నటి పొరలో ఆమ్లత్వం సుమారు లక్ష రెట్లు పడిపోతుందన్న మాట. అప్పటికీ దెబ్బతిన్న పైకణాలు కొద్ది రోజుల్లోనే రాలిపోయి కొత్తవి వస్తాయి.

ఈ జిగురు, బైకార్బొనేట్, గోడకు అందే రక్తం తగ్గకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. మోకాలిలో నొప్పిని, వాపును పెంచేవి కూడా ఇవే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వీటి తయారీని ఒళ్లంతా ఆపేస్తాయి. మోకాలికి హాయిగా ఉంటుంది, కడుపు మాత్రం కాపలా లేని ఇల్లవుతుంది. యాసిడ్ పెరగనక్కర్లేదు, రోజూ ఉండేదే గోడను తినేస్తుంది. ఈ పని రక్తం ద్వారా జరుగుతుంది కాబట్టి గోలీకి బదులు ఇంజెక్షన్ తీసుకున్నా కడుపు తప్పించుకోలేదు. "తిని వేసుకుంటే ఏం కాదు" అన్న ధీమా కూడా అందుకే పనికిరాదు.

అత్తమ్మకు ఎండోస్కోపీలో పుండు కనబడింది, రక్తం 8కి పడిపోయింది. అక్కడ తీసిన ముక్కలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కూడా దొరికింది. ఇది ఆ జిగురులోనే కాపురముండి వాపు తెస్తుంది. దీని సంగతి తేల్చడానికి 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బుపడ్డాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇక మిర్చి అంటారా, కారం మంటను తెలిసేలా చేస్తుంది కానీ పుండు దానితో పుట్టదు.

పరిష్కారం

డాక్టర్ ముందు డైక్లోఫెనాక్ ఆపించారు. మోకాళ్లకు పారాసిటమాల్, పైన రాసుకునే జెల్ ఇచ్చారు. బ్యాక్టీరియాకు పద్నాలుగు రోజుల యాంటీబయాటిక్స్, పుండు మానడానికి ఎనిమిది వారాల పాంటోప్రజోల్ రాశారు.

పాంటోప్రజోల్‌ను చాలామంది మంట వచ్చినప్పుడు అన్నం తిన్నాక వేసుకుంటారు. అత్తమ్మ చేసిందీ అదే. జీర్ణాశయం గోడ కణాల్లో యాసిడ్‌ను బయటికి వదిలే పంపులుంటాయి. ఈ మందు వాటిలో పనిచేస్తున్నవాటినే ఆపగలదు, తిండి పడ్డప్పుడే అవి ఎక్కువగా పనిలోకి దిగుతాయి. అందుకని టిఫిన్‌కు అరగంట ముందే రక్తంలో ఉండాలి. ఇది జిగురును తయారుచేయదు. యాసిడ్ తగ్గించి, గోడ తనను తాను బాగుచేసుకునే వ్యవధి ఇస్తుంది.

బ్యాక్టీరియా పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. యాంటీబయాటిక్స్ అయిపోయి నాలుగు వారాలు, పాంటోప్రజోల్ ఆపి రెండు వారాలు గడవాలి, లేదంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

ఆస్పిరిన్ కూడా ఈ కోవదే, కానీ గుండెకు దాన్ని వాడేవాళ్లు మాత్రం ఇది చదివి సొంతంగా ఆపకండి, డాక్టర్‌ను అడగండి. ఐరన్ గోలీలతోనూ దొడ్డి నల్లబడుతుంది. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే, లేదా వాంతిలో రక్తం పడితే, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. వయసు పైబడినవాళ్లకు నొప్పి గోలీల వల్ల వచ్చే పుండు ఒక్కోసారి మంటే లేకుండా రక్తం కారుస్తుంది.

అత్తమ్మ ఇప్పుడు షాపుకు వచ్చినప్పుడల్లా కొత్త షీటు ఏదైనా ఉంటే కౌంటర్ మీద పెట్టి, "ఇది వేసుకోవచ్చా బిడ్డా?" అని అడుగుతుంది.